సంచార వైద్యశాలకు సాయం కోరుతూ ట్రస్టుకు రాసే ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏజెన్సీ ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు ట్రస్టులకు పంపే దరఖాస్తులు చదివి, కమిటీ ముందుకు వెళ్లేలోపు ఏం సరిచేసుకోవాలో చెప్పడం కొన్నేళ్లుగా నా పని. చాలా ఉత్తరాల్లో పని మంచిదే ఉంటుంది, మనుషులూ మంచివాళ్లే. కానీ ట్రస్టీ అడిగే మొదటి మూడు ప్రశ్నలకు ఉత్తరంలో జవాబుండదు. నన్ను మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాను.

జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నారా?

అవును. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పరిధిలో రెండు పంచాయతీలు అనుకోండి. 14 గూడేలు, 3,000 జనాభా. అక్కడ ఒక చిన్న రిజిస్టర్డ్ సొసైటీ, అందులో ఒక ఆరోగ్య కార్యకర్త. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు నెలనెలా పరీక్ష, మాత్రలు అందేలా నెలకు 8 రోజులు బండి తిప్పాలన్నది వాళ్ల ఆలోచన. అంకెలన్నీ లెక్క అర్థమయ్యేందుకు నేను పెట్టుకున్నవే. మీరు మీ రిజిస్టర్‌లోని అంకెలు వేసుకోవాలి.

ఉత్తరం నా పేరున రాయొచ్చా, సంస్థ పేరునే రాయాలా?

మాటలు మీవి, సంతకం సంస్థది. ట్రస్టులు సాధారణంగా వ్యక్తుల ఖాతాలో డబ్బు వేయవు. సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీ, ఈ మూడింటిలో ఏదో ఒకటిగా రిజిస్టరై ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు కూడా అడుగుతారు. ఏదైనా కంపెనీ సీఎస్ఆర్ డబ్బు ఆ ట్రస్టు ద్వారా మీకు వచ్చేటట్టయితే అలాంటి డబ్బు తీసుకునే సంస్థలు నమోదు చేయించుకునే సీఎస్ఆర్-1 నంబరు ఉందా అని కూడా చూస్తారు. 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరైంది.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. ట్రస్టు దగ్గరున్నది విదేశీ విరాళమైతే దాన్ని మీ సంస్థకు బదలాయించడానికి లేదు. 2020లో విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్ఏ చట్టాన్ని సవరించి, విదేశీ నిధిని ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా ఆపేశారు. మీకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, కుదరదు. కాబట్టి ఉత్తరం రాసే ముందే ఫోన్ చేసి, "మీరు ఇచ్చేది దేశంలో పోగైన డబ్బేనా అండీ?" అని అడిగేయండి. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పైగా మీకు నిబంధనలు తెలుసని వాళ్లకూ అర్థమవుతుంది.

నేను ప్రభుత్వ ఏఎన్ఎమ్‌ని. నేనే అడగొచ్చా?

ముందస్తు అనుమతి లేకుండా వద్దు. ప్రభుత్వ ఉద్యోగి సొంతంగా విరాళాలు సేకరిస్తే సర్వీసు నిబంధనల దగ్గర చిక్కొస్తుంది. మీ ప్రాంతంలో పనిచేసే సంస్థ చేత అడిగించి, మీరు రిజిస్టర్ అంకెలతో సాయపడితే చాలు. అంకెలు ఇవ్వడానికి కూడా పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు గారికి చెప్పే ఇవ్వండి.

"104 బండి వస్తోంది కదా, మళ్లీ ఇంకో బండెందుకు?" అంటే ఏం చెప్పాలి?

అసలు ఉత్తరమంతా ఈ ప్రశ్నకు జవాబే అనుకోండి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చున్న ట్రస్టీకి 104 గురించి తెలుసు. ఉమ్మడి రాష్ట్రం కాలం నుంచి తిరుగుతున్న బండి అది. అందులో డాక్టరు ఉంటారు, మందులు ఉచితం. మీ ఉత్తరంలో 104 మాటే లేకపోతే మీకు తెలియదనో, దాస్తున్నారనో అనుకుంటారు. రెండూ మీకు నష్టమే.

104ని తిట్టడం ఇంకా పెద్ద పొరపాటు. "ప్రభుత్వ వైద్యం అందడం లేదు" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే, రేపు మీరు అనుమతి కోసం వెళ్లాల్సింది ఆ ప్రభుత్వ ఆఫీసుకే. చేయాల్సిన పని వేరే ఉంది. పీహెచ్‌సీకి వెళ్లి ఈ నెల 104 రూట్ చార్ట్ తీసుకోండి. ఏ తేదీన ఏ ఊళ్లో ఆగుతుందో అందులో ఉంటుంది. తర్వాత మీ 14 గూడేల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఒక్కో దాని పక్కన మూడు సంగతులు వేయండి: 104 ఆగేచోటు ఎంత దూరం, మధ్యలో నడక ఎంత, ఆ రోజు ఆ గూడెం వాళ్లు ఎక్కడుంటారు.

ఈ మూడోదే అసలు విషయం. బండి గ్రామ సచివాలయం దగ్గర ఆగేది పొద్దున. కొండ మీది గూడెం మనిషి ఆ వేళకు పోడులో ఉంటాడు, లేదా కాఫీ తోటలో కూలికి వెళ్తాడు. కిందికి దిగి మళ్లీ ఎక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. అదే మనిషి వారానికొకసారి సంతకు మాత్రం తప్పకుండా వస్తాడు. పసుపో, చింతపండో, చీపుర్లో అమ్ముకుని ఉప్పు, నూనె, ఎండు చేపలు కొనుక్కుపోతాడు. కాబట్టి మీ జవాబు ఇలా ఉంటుంది: 104 ఆగే ఊళ్లలో మేం ఆగం. అది ఆగని నాలుగు చోట్లకు నెలకొకసారి వెళ్తాం, మిగతా నాలుగు రోజులు సంతలో కూర్చుంటాం. మా దగ్గర బీపీ బయటపడ్డవాళ్ల పేర్లు పీహెచ్‌సీకి ఇస్తాం. 104 దగ్గరికి వచ్చి మధ్యలో మానేసినవాళ్ల పేర్లు వాళ్లు మాకిస్తారు.

ఈ చివరి వాక్యం రాయాలంటే మెడికల్ ఆఫీసరు గారి లేఖ చేతిలో ఉండాలి. ఆ ఒక్క పేజీ లేఖ మీ పది ఫొటోల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

బీపీ, షుగరే ఎందుకు? జ్వరాలు, కాన్పులు, రక్తహీనత, అన్నీ ఉన్నాయి కదా మా దగ్గర.

ఉన్నాయి. అన్నీ చూస్తామని రాస్తే మాత్రం ఎవరూ నమ్మరు. నెలకు 8 రోజులు వెళ్లే బండి దేనికి పనికొస్తుందో ఆలోచించండి. జ్వరం బండి వచ్చేదాకా ఆగదు. మలేరియాకు అదే రోజు రక్తపరీక్ష కావాలి, ఆ కిట్ ఆశా దగ్గరే ఉంటుంది. కాన్పు నొప్పులకు 108 కావాలి, రోడ్డు లేని చోట డోలీ కావాలి. నెలకొకసారి వెళ్లే బండి వీటిలో దేన్నీ ఆదుకోలేదు. బీపీ అలా కాదు. నెలకొకసారి చూసి, నెలకు సరిపడా మాత్రలిచ్చి, మళ్లీ నెలకు పిలిస్తే సరిపోయే జబ్బు అది. బండి తిరిగే పద్ధతికీ ఆ జబ్బుకూ సరిగ్గా కుదిరింది. ఈ మాట ఉత్తరంలో ఇలాగే రాయండి.

జ్వరంతో ఎవరైనా వస్తే ఏం చేస్తారో కూడా ఒక వాక్యం ఉండాలి. వర్షాకాలంలో సగం మంది జ్వరంతోనే వస్తారు, తెలిసినవాళ్లు ఇది అడిగి తీరతారు. "జ్వరం ఉన్నవారిని అక్కడి ఆశా చేత పరీక్ష చేయించి పీహెచ్‌సీకి పంపుతాం, ప్రమాద లక్షణాలుంటే మా బండిలోనే దించుతాం" అంటే చాలు.

మొదటి పేరా ఎలా ఉండాలి? ఒకటి రాసి చూపించండి.

"భారతదేశం గ్రామాలకు నిలయం" అని మొదలయ్యే ఉత్తరాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అలాంటి వాటిలో మొదటి పేరా వదిలేసి రెండో పేరా నుంచి చదవడం నాకు అలవాటైపోయింది. మన ఉదాహరణకైతే నేను ఇలా రాస్తాను:

> గౌరవనీయులైన మేనేజింగ్ ట్రస్టీ గారికి,
>
> నమస్కారం. పాడేరు ఐటీడీఏ పరిధిలోని రెండు పంచాయతీల్లో, 14 గూడేల్లో నేను ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. ఇక్కడ రెండు వేర్వేరు రోజుల్లో చూసి బీపీ ఉందని తేల్చినవారు, ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటున్నవారు కలిపి 118 మంది. వారిలో నెలనెలా మాత్రలు వేసుకుంటున్నది 41 మంది. మిగతావారికి జబ్బు ఉందని తెలుసు, మందు ఉచితమని కూడా తెలుసు. ఆస్పత్రికి వెళ్తే ఒక రోజు కూలి, జీపు చార్జీ పోతాయి కాబట్టి ఇచ్చిన మాత్రలు అయిపోయాక మళ్లీ వెళ్లడం లేదు. నెలకు 8 రోజులు మేమే వాళ్ల సంతకు, గూడేనికి వెళ్లి పరీక్ష చేసి మందులు అందించడానికి ఒక ఏడాదికి రూ. 8,46,000 సాయం కోరుతున్నాం. ఇందులో వాహనం కొనుగోలు లేదు.

ఎవరు, ఎక్కడ, ఎంతమంది, ఎందుకు ఆగిపోయింది, ఎంత కావాలి, అన్నీ ఇక్కడే వచ్చేశాయి. అడిగే మొత్తం మొదటి పేజీలోనే ఉండాలి. మొహమాటపడి దాన్ని నాలుగో పేజీలో దాచేవాళ్లున్నారు. చదివేవాళ్లు ఎలాగూ ముందు దాన్నే వెతుకుతారు.

118 మంది అని ఎలా తేల్చాలి? మా దగ్గర సర్వే ఏమీ లేదు.

పెద్ద సర్వే అక్కర్లేదు, మూడు మెట్లుగా చెప్పండి. 30 ఏళ్లు దాటినవాళ్లు ఎంతమంది అన్నది మొదటిది. జాతీయ కార్యక్రమంలో జనాభాలో 37 శాతం అని అంచనా కడతారు. అంటే 3,000కు 1,110. ఆశాలు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ ఫారాలుంటే అంచనా కూడా అవసరం లేదు, అసలు సంఖ్యే దొరుకుతుంది. వీళ్లలో ఎంతమందికి బీపీ చూడగలిగారన్నది రెండోది. 640 అనుకుందాం. అందులో రెండు వేర్వేరు రోజుల్లో 140/90, అంతకు మించి వచ్చినవాళ్లు, అలాగే ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, కలిపి 118.

మిగిలిన 470 మందికి ఇంకా చూడలేదని కూడా రాయండి. దాస్తే, "1,110లో 118 మందికేనా, పది శాతమేనా?" అని ఎవరో ఒకరు లెక్క కడతారు. చూసినవాళ్లలో అయితే అది 18 శాతం. రెండింటికీ చాలా తేడా ఉంది.

సంతలో కూర్చుని బీపీ చూస్తే సరిగ్గా వస్తుందా?

తొందరపడితే రాదు. దీనికి ఉత్తరంలో ఒక పేరా ఇవ్వండి, ఎందుకంటే కమిటీలో డాక్టరు ఒక్కరున్నా ఈ ప్రశ్న వస్తుంది. సంతకు వచ్చిన మనిషి నెత్తిన మూట పెట్టుకుని రెండు గంటలు కొండ దిగి ఉంటాడు. చుట్ట కాల్చి ఉండొచ్చు, జీలుగు కల్లు తాగి ఉండొచ్చు. వచ్చీ రాగానే కఫ్ చుడితే 160 చూపిస్తుంది. అది అతని బీపీ కాదు, ఆ నడక బీపీ. "తాతా, ముందు సామాన్లు కొనుక్కునిరా, వెళ్లేటప్పుడు చూస్తా" అని పంపే నర్సు కావాలి. లేదా అయిదు నిమిషాలు వీపు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టాలి. మాట్లాడించకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. రెండుసార్లు చూసి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగాలి.

అందుకే బడ్జెట్‌లో వీపు ఆనే కుర్చీలు అడగండి. స్టూళ్లు వద్దు. ఇక్కడి వాళ్లలో చాలామందికి చేతులు సన్నగా ఉంటాయి కాబట్టి చిన్న సైజు కఫ్ కూడా ఒకటి ఉండాలి. పెద్ద కఫ్ సన్నటి చేతికి చుడితే బీపీ ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది, జబ్బున్న మనిషి బాగున్నాడని ఇంటికి పోతాడు. కుర్చీలకు రెండు వేలు, కఫ్‌కు కొన్ని వందలు. ఈ రెండూ చూడగానే ఉత్తరం రాసినవాళ్లు సంతలో కూర్చుని పనిచేశారని తెలిసిపోతుంది.

షుగర్ స్ట్రిప్పుల సంగతి కూడా అంతే. ఎక్కువ రకాలను 30 డిగ్రీల లోపు ఉంచాలి. మూసిన జీపులో మధ్యాహ్నం ఎండకు అంతకు మించి వేడెక్కుతుంది, అంకెలు తప్పొస్తాయి. ఓ మామూలు థర్మాకోల్ పెట్టె, డబ్బా మీద తెరిచిన తేదీ రాసే అలవాటు, ఈ రెండూ చాలు.

బండే కొనివ్వమని అడగొచ్చు కదండీ? ఒకసారి కొంటే మనదే అవుతుంది.

అడగొచ్చు, నేనైతే వద్దంటాను. బండి దానం చేసేవాళ్లు దొరుకుతారు. మీద పేరు రాయించుకోవచ్చు, జెండా ఊపి ఫొటో దిగొచ్చు. రెండో ఏడు దానికి డీజిల్ పోసేవాళ్లు, టైర్లు మార్చేవాళ్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూసుకునేవాళ్లు దొరకరు. డ్రైవరు మానేస్తే బండి షెడ్డులోనే ఉంటుంది. నెలకు 8 రోజుల పనికి 30 రోజుల బండి ఖర్చు మోయాల్సి వస్తుంది.

పైగా లోపల మంచం, ఏసీ పెట్టి తయారుచేసిన పెద్ద వ్యాను ఘాట్ రోడ్డు దాటి మట్టి దారిలోకి రాదు. స్థానికంగా దొరికే బొలెరో వస్తుంది. ఆ డ్రైవరుకు ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలుసు. కాబట్టి తిరిగే ఖర్చు అడగండి.

నెల బడ్జెట్ ఇలా వేసుకోవచ్చు:

| ఖర్చు | లెక్క | నెలకు రూ. |
|---|---|---|
| బొలెరో, డ్రైవరు | 8 రోజులు × 1,800 | 14,400 |
| డీజిల్ | రోజుకు 80 కి.మీ., 8 లీటర్లు × 100 × 8 రోజులు | 6,400 |
| స్టాఫ్ నర్సు జీతం | నెలంతా | 20,000 |
| డాక్టరు | 2 రోజులు × 4,000, ఫోన్‌లో 6 రోజులు × 1,000 | 14,000 |
| ఆరోగ్య కార్యకర్త జీతం | నెలంతా | 12,000 |
| స్ట్రిప్పులు, గ్లవ్స్, బ్యాటరీలు, వ్యర్థాల పారవేత | | 6,000 |
| అత్యవసర మందుల నిల్వ | | 4,000 |
| కార్డులు, ఫోన్ | | 1,200 |
| లెక్కలు, ఆడిట్ | | 2,000 |
| మొత్తం | | 80,000 |

ఏడాదికి 9,60,000. బీపీ మిషన్లు, గ్లూకోమీటర్లు, బల్ల, కుర్చీలు, టార్పాలిన్ కలిపి ఒకేసారి పెట్టే ఖర్చు 30,000. మొత్తం 9,90,000. ఆరోగ్య కార్యకర్త జీతం 1,44,000 సంస్థే భరిస్తుంది కాబట్టి ట్రస్టును అడిగేది 8,46,000. మీ వాటా ఎంత చిన్నదైనా చూపించండి.

తర్వాత ట్రస్టీ చేసే లెక్క మీరే చేసి పెట్టండి. నెలకు 80,000 అంటే ఒక్కో రోజుకు 10,000. రోజుకు 40 మంది వస్తే మనిషికి 250. 20 మందే వస్తే 500 అవుతుంది. "రోజుకు 30 మంది కంటే తగ్గితే ఆ చోటు మార్చి ఇంకో చోటు చూస్తాం" అని రాసినవాళ్లను ఇంతవరకూ ఒక్కరినే చూశాను. ఆ దరఖాస్తు మీద కమిటీలో పెద్దగా చర్చే జరగలేదు.

మందులకు నాలుగు వేలేనా? సరిపోతాయా?

118 మందికి రోజుకొక ఆమ్లోడిపిన్ అంటే నెలకు 3,540 మాత్రలు. జన ఔషధిలో ఒక్కోటి రూపాయికి మించదు. అయినా ఆ మొత్తం ట్రస్టును అడగొద్దని నా సలహా. ఆ మాత్రలు పీహెచ్‌సీ ఉచితంగా ఇచ్చేవే. మీ రోగుల జాబితా ఇచ్చి, పీహెచ్‌సీ ఇండెంటులో వాళ్లను కలుపుకునేలా మెడికల్ ఆఫీసరు గారితో మాట్లాడుకుంటే మందు అక్కడి నుంచే వస్తుంది. మీరు చేరవేస్తే చాలు.

ట్రస్టు డబ్బుతో కొనేది స్టాకు ఆలస్యమైన నెలకు అడ్డుపెట్టుకునే నిల్వ మాత్రమే. దీనికి కారణముంది. మందులన్నీ ట్రస్టు డబ్బుతో కొంటే, గ్రాంటు ఆగిన నెలలోనే 118 మందికి మాత్రలు ఆగిపోతాయి. బీపీ మందు ఉన్నట్టుండి మానేస్తే మళ్లీ పెరుగుతుంది. కొన్ని రకాల మాత్రలు ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం.

డాక్టరు నెలకు రెండు రోజులే వస్తే, మిగతా రోజుల్లో మందు ఎవరు రాస్తారు?

డాక్టరే రాయాలి. నర్సుగానీ ఆరోగ్య కార్యకర్తగానీ కొత్తగా మందు మొదలుపెట్టకూడదు, డోసు మార్చకూడదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండి ఫోన్‌లోనో వీడియోలోనో డాక్టరుకు చూపించవచ్చు. ఏ మందు రాయాలి, అసలు రాయాలా వద్దా అన్న నిర్ణయం, బాధ్యత డాక్టరువి. ఆయన రాసిన చీటీ మీ దగ్గర ఉండాలి.

గూడేల్లో సిగ్నల్ ఉండదు. సంతల దగ్గర సాధారణంగా టవర్ ఉంటుంది. కాబట్టి డాక్టరు స్వయంగా వచ్చే రెండు రోజులూ సిగ్నల్ లేని గూడేలకు పెట్టుకోండి, మిగతా చోట్ల కొత్త కేసులను సంతకు రమ్మనండి. ఈ ఏర్పాటును మూడు వాక్యాల్లో రాస్తే చాలు. "టెలిమెడిసిన్ ద్వారా ఆధునిక వైద్యం" అని రాసి సిగ్నల్ మాట ఎత్తని ఉత్తరం చదివితే ఆ గూడెం చూడకుండా రాశారని తెలిసిపోతుంది.

వర్షాకాలంలో బండి వెళ్లకపోతే?

వెళ్లదు, ఆ మాటే రాయండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు వాగులు పొంగి కొన్ని రోజులు రద్దవుతాయి. అందుకు జూన్ చివర్లో, బీపీ అదుపులో ఉన్నవాళ్లకు డాక్టరు ఒప్పుకుంటే రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తారు. అదుపులో లేనివాళ్ల పేర్లు ఆశాకు ఇస్తారు. రద్దయిన రోజు బండి అద్దె, డీజిల్ మిగులుతాయి కదా, వాటిని డిసెంబరు, జనవరిలో అదనపు రోజులకు వాడుకునే అనుమతి ముందే అడగండి. 96 రోజులు తిరుగుతామని రాసి 81 రోజులు తిరిగితే సంజాయిషీ చెప్పాల్సి వస్తుంది. "80కి తగ్గకుండా" అని రాసుంటే ఆ టెన్షన్ ఉండదు.

అనుమతులు ఏమేం చూపించాలి?

జిల్లా వైద్యాధికారి అనుమతి, ఏజెన్సీ అయితే ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరుకు ఇచ్చిన లేఖ, డాక్టరు, నర్సుల రిజిస్ట్రేషన్ కాపీలు. వైద్యశాల రిజిస్ట్రేషన్ విషయం జిల్లా ఆఫీసులోనే అడగండి. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది, తెలంగాణలో కేంద్రం 2010లో చేసిన చట్టం అమల్లో ఉంది.

వ్యర్థాల సంగతి మర్చిపోవద్దు. షుగర్ పరీక్షకు గుచ్చిన సూదులు సంత పక్కన చెత్తకుప్పలో కనిపించాయంటే మీ కార్యక్రమం ఆ రోజుతో ముగిసినట్టే. 2016 నిబంధనల ప్రకారం సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, గ్లవ్స్ ఎర్ర సంచిలో వేసి తిరిగి తీసుకురావాలి. పీహెచ్‌సీ వ్యర్థాలతో కలిపి పంపడానికి వాళ్లు ఒప్పుకుంటే ఆ మాట కూడా లేఖలో రాయించుకోండి.

మూడు నెలలకొకసారి ఏం రిపోర్టు ఇస్తామని రాయాలి?

ఎంతమందిని చూశామన్నది చివర్లో చెప్పండి. బీపీ ఎంతమందికి అదుపులోకి వచ్చిందన్నది ముందు చెప్పండి. అయితే ఆ శాతం ఎలా కడతారన్న దగ్గరే అందరూ తడబడతారు.

రిజిస్టర్‌లో 118 మంది ఉన్నారు. ఈ మూడు నెలల్లో 70 మంది వచ్చారు. వాళ్లలో 46 మందికి చివరిసారి చూసినప్పుడు 140/90 కంటే తక్కువ ఉంది. 46ను 70తో భాగిస్తే 66 శాతం. చూడ్డానికి బాగుంది, చాలా రిపోర్టుల్లో ఇదే ఉంటుంది. కానీ రానివాళ్లు 48 మంది ఏమయ్యారు? వాళ్లలో ఎక్కువమంది మాత్రలు మానేసినవాళ్లే. వాళ్లను లెక్కలోంచి తీసేస్తే, రోగులు ఎంత ఎక్కువగా మానేస్తే మీ శాతం అంత పెరుగుతుంది! 46ను 118తో భాగించాలి. అప్పుడు 39 శాతం. దాని కిందే "రానివాళ్లు 48, వీళ్లలో ఇంటికి వెళ్లి కలిసినవాళ్లు ఇంతమంది, వలస వెళ్లినవాళ్లు ఇంతమంది, చనిపోయినవాళ్లు ఇంతమంది" అని పెట్టండి. 39 అని రాయడానికి భయం వేస్తుంది, తెలుసు. కానీ 118 మందిలో 41 మందే మాత్రలు వేసుకుంటున్న చోట, అందులోనూ ఎంతమందికి అదుపులో ఉందో ఎవరికీ తెలియని చోట, మూడు నెలలకు 39 శాతం తక్కువేం కాదు.

దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రోగికొక కార్డు, సంతకొక పెట్టె చాలు. వచ్చినవాళ్ల కార్డు వచ్చే నెల అరలోకి మారుతుంది. నెలాఖరుకు పాత అరలో మిగిలిపోయిన కార్డులే రానివాళ్ల జాబితా.

ఏడాది తర్వాత ఏం చేస్తామని రాయాలి? మాకే తెలియదు.

"స్వయం సమృద్ధి సాధిస్తాం" అని మాత్రం రాయకండి. ఉచితంగా మందులిచ్చే బండికి స్వయం సమృద్ధి ఎక్కడి నుంచి వస్తుంది? చేయగలిగింది రాయండి. బీపీ అదుపులోకి వచ్చి ఆర్నెల్లు నిలకడగా ఉన్నవాళ్లను సబ్ సెంటర్‌కు, 104కు అప్పగించవచ్చు. ఏజెన్సీలో 3,000 జనాభాకు ఒక సబ్ సెంటర్ ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. మీ రెండు పంచాయతీలకూ ఆ లెక్కన ఒకటి ఉండాలి. అది పనిచేస్తుంటే మాత్రల కోసం సగం మందిని అక్కడికి మళ్లించి, బండిని నెలకు 8 నుంచి 5 రోజులకు తగ్గిస్తామని చెప్పవచ్చు. అప్పుడు రెండో ఏడాదికి అడిగేది తగ్గుతుంది. అది పనిచేయకపోతే మళ్లీ ఇంతే అడగాల్సి వస్తుందని కూడా ముందే చెప్పేయండి.

ఫొటోలు పెట్టాలా?

రెండు చాలు. సంతలో బల్ల వేసిన చోటు ఒకటి, దారి ఒకటి. రోగుల ముఖాలు, పేర్లు వద్దు. ఎవరి కథైనా రాయాలనుకుంటే వాళ్ల ఒప్పుకోలు తీసుకుని, ఊరి పేరు లేకుండా రాయండి. డోలీ ఫొటో పెట్టాలనిపిస్తుంది, కానీ మీరు అడుగుతున్నది బీపీ మందుల కోసం. దానికీ దీనికీ సంబంధం ఏమిటని అడిగితే జవాబుండదు.

తెలుగులో రాయొచ్చా, ఇంగ్లీషులోనే ఉండాలా?

తెలుగు ట్రస్టుకైతే తెలుగులో రాయండి. బడ్జెట్ పట్టిక మాత్రం ఇంగ్లీషులో కూడా ఒక కాపీ పెట్టండి, వాళ్ల ఆడిటరుకు పనికొస్తుంది. ఉత్తరం రెండు పేజీలు దాటొద్దు. మిగతావన్నీ జతచేయండి.

పంపి రెండు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఏం చేయాలి?

ముందు కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో కనుక్కోండి. చాలా చిన్న ట్రస్టుల్లో మూడు నెలలకొకసారే కూర్చుంటారు, కొన్నింటిలో ఆర్థిక సంవత్సరం మొదట్లోనే. ఫోన్ చేసినప్పుడు "మా దరఖాస్తు ఏమైంది?" అనడం కంటే, "గత ఉత్తరంలో 640 మందికి చూశామని రాశాం, ఇప్పుడది 710 అయింది, కొత్త అంకెలు పంపమంటారా?" అనండి. ఫైలు మళ్లీ తీస్తారు. కాదంటే ఏ కారణంతో కాదన్నారో అడగండి. మొత్తం ఎక్కువైందంటే నాలుగు సంత రోజులతోనే మొదలుపెట్టే సగం బడ్జెట్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. నర్సును నెల జీతానికి కాకుండా రోజు లెక్కన పెట్టుకుంటే అది నడుస్తుంది.

వైద్యం మా పరిధి కాదంటే మాత్రం బతిమాలి లాభం లేదు. వాళ్లు ఏ ట్రస్టు పేరు చెబుతారో రాసుకుని, అదే ఉత్తరంలో పై పేరు మార్చి, 104 రూట్ చార్ట్ కొత్త నెలది జతచేసి పంపండి.